దువ్వెన తగిలితే మాడు నొప్పి: చర్మం మీద ఏమీ లేకపోతే ఆ నొప్పి ఎక్కడిది?

పాపిడి తీయబోతే నెత్తి చురుక్కుమంటుంది. రోజంతా బిగించిన జడ విప్పి జుట్టును రెండో వైపుకి మళ్లిస్తే కుదుళ్లు పచ్చిపుండులా నొస్తాయి. పాయలు విడదీసి అద్దంలో ఎంత వెతికినా ఎరుపు లేదు, పొక్కు లేదు, చుండ్రు కూడా పెద్దగా లేదు. చాలామంది ఇక్కడే దారి తప్పుతారు. షాంపూ మారుస్తారు, నూనె మారుస్తారు, మందుల షాపులో ఏదో లోషన్ అడిగి తెచ్చుకుని పదిహేను రోజులు రాస్తారు. తగ్గదు. చర్మంలో లేని జబ్బుకి చర్మం మీద రాసే మందు పనిచేయడానికి వీల్లేదు కదా.

వెంట్రుకకు ప్రాణం లేదు, దానికి నొప్పీ తెలియదు. వెంట్రుక కుదురు చుట్టూ మాత్రం సన్నని నరాల కొసలు తీగలా అల్లుకుని ఉంటాయి. దువ్వెన పళ్లు వెంట్రుకను వంచినప్పుడు అది గునపంలా పనిచేస్తుంది. పైన కొద్దిగా కదిపితే అడుగున ఆ నరాల కొసలు కదులుతాయి. మామూలు రోజుల్లో ఆ కదలిక మెదడుకి 'ఏదో తాకింది' అన్న కబురుగానే చేరుతుంది. అదే కబురు నొప్పిగా చేరుతుంటే వైద్యులు దాన్ని అలోడీనియా అంటారు. నొప్పి పుట్టించకూడని తాకిడి నొప్పి పుట్టించడం అని దాని అర్థం. దారిలో ఎక్కడో నరమో, నరం చేరే కేంద్రమో అతిగా స్పందిస్తోందన్నమాట. ఆ చోటు ఏదో పట్టుకోవడమే అసలు పని.

అందుకు తల మీద నరాల పంపకం కొంచెం తెలిస్తే చాలు. రెండు చెవుల మీదుగా నడినెత్తి దాకా ఒక గీత గీసినట్టు ఊహించుకోండి. గీతకు ముందున్న నుదురు, కణతలు, ముందు నెత్తి ట్రైజెమినల్ అనే ముఖనరం వాటా. గీత వెనకున్నదంతా మెడలో రెండో, మూడో వెన్ను నరాల నుంచి పైకెక్కే ఆక్సిపిటల్ నరాల వాటా. బయట ఇవి వేరువేరు తీగలే. లోపల మాత్రం రెండూ మెడ పైభాగంలో, వెన్నుపాము మొదట్లో ఒకే చోటికి చేరతాయి. అందుకే మెడలో మొదలైన నొప్పి కంటి మీద తేలుతుంది, పార్శ్వపు నొప్పిలో మెడ పట్టేస్తుంది. మెడ ఎక్స్‌రేలో 'అరుగుదల' కనిపించింది కాబట్టి తలనొప్పి అంతా దానివల్లే అనే మాట ఎంత తరచుగా వినిపిస్తుందో, అంత తరచుగా తప్పు కూడా అవుతుంది. నలభై దాటినవారిలో ఏ బాధా లేకపోయినా ఆ అరుగుదల కనిపించవచ్చు.

ఇంట్లో చేసి చూసుకోదగ్గ పరీక్ష ఒకటుంది. నొప్పి ఉన్న రోజు ఒకసారి, లేని రోజు ఒకసారి చేయాలి. చిన్న దూది ఉండతో ముందు ముంజేతి మీద మెల్లగా నిమరండి, తర్వాత నుదుటి మీద, ఆ తర్వాత పాపిడి దగ్గర, కుడి ఎడమలు రెండూ. దూదికే మంటగానో గుచ్చినట్టుగానో ఉంటే నరాల వ్యవస్థ అతిగా స్పందిస్తోంది. రెండోది నొక్కి చూడటం. చూపుడు వేలు, మధ్యవేలు కలిపి, గోరు చివర తెల్లబడేంత ఒత్తిడితో చిన్న సున్నాలు చుట్టినట్టు కణతల మీద, దవడ కండ మీద, మెడ వెనక కండల మీద, భుజం పైన నొక్కండి. దూదికి ఏమీ కాక, నొక్కితేనే నొప్పి అయితే అది కండరాల వైపు చూపిస్తుంది. మూడోది ఒకే ఒక్క చోట వేలితో తట్టి చూడటం. ఆ చోటు ఎక్కడో నరం సంగతి వచ్చినప్పుడు చెబుతాను.

ముందుగా పార్శ్వపు నొప్పి, అంటే మైగ్రేన్. దువ్వితే మాడు నొప్పి అని వచ్చేవారిలో ఎక్కువగా తప్పిపోయే కారణం ఇదే. మైగ్రేన్ మొదలైనప్పుడు మెదడు పొరల చుట్టూ ఉన్న ముఖనరం కొసలు రేగుతాయి. అప్పటికి తల కొట్టుకుంటుంది, వంగితే ఎక్కువవుతుంది, కానీ చర్మం మామూలుగానే ఉంటుంది. ఆ కబుర్లు ఆగకుండా వస్తూ ఉంటే, వాటిని అందుకునే మెడ పైభాగపు కేంద్రమే రేగిపోతుంది. ఆ కేంద్రంలోని కణాలకు మెదడు పొరల నుంచి వచ్చే కబురూ, నెత్తి చర్మం నుంచి వచ్చే కబురూ రెండూ చేరతాయి. ఒకసారి అవి రేగాక చర్మం నుంచి వచ్చే మామూలు స్పర్శ కూడా నొప్పిగా మారిపోతుంది. హార్వర్డ్‌కు చెందిన రామి బర్‌స్టీన్ బృందం 2000లో 42 మందిని నొప్పి లేనప్పుడూ, ఉన్నప్పుడూ పరీక్షిస్తే 33 మందిలో నొప్పి సమయంలో చర్మం ఇలా సున్నితమైంది. అదే బృందం ఒక రోగిని గంట గంటకీ గమనించింది. నొప్పి మొదలైన గంటకి అదే వైపు తల చర్మం, రెండు గంటలకి తల రెండో వైపూ అదే వైపు ముంజేయీ సున్నితమయ్యాయి. చేతి దాకా పాకిందంటే ఈ రేగడం మెదడులో ఇంకా పైమెట్టుకి ఎక్కిందని అర్థం.

ఈ వరస తెలిస్తే మందు వేళ తెలుస్తుంది. సుమట్రిప్టాన్ లాంటి ట్రిప్టాన్ మందులు నరం కొస నుంచి కేంద్రానికి వెళ్లే కబురును అడ్డుకుంటాయి. కేంద్రం అప్పటికే రేగిపోయి, తనంతట తానే కబుర్లు పంపుతున్న దశలో ఆ అడ్డు వల్ల పెద్దగా లాభం ఉండదు. చర్మం సున్నితం కాకముందు వేసుకున్న మాత్ర పూర్తిగా తగ్గించే అవకాశం, సున్నితమయ్యాక వేసుకున్న దానికంటే చాలా ఎక్కువ అని ఆ బృందమే 2004లో చూపించింది. అంటే దువ్వెన ఇక్కడ గడియారంలా పనిచేస్తుంది. దువ్వితే నొస్తోందంటే మాత్రకు మంచి సమయం దాటిపోతోందన్నమాట. 'మరీ భరించలేకపోతే వేసుకుందాం' అని ఆగే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఈ జబ్బులో ఆ ఓర్పే మందును వృథా చేస్తుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ముప్పై నాలుగేళ్ల స్కూల్ టీచర్ అనుకోండి. పొద్దున ఆరున్నరకి లేచేసరికి కుడి కంటి పైన కొద్దిగా నొప్పి, మెడ పట్టేసినట్టు, ఆవలింతలు. ఏడుంబావుకి జడ వేసుకోబోతే కుడివైపు కుదుళ్లు నొస్తున్నాయి, ఎడమవైపు ఏమీ లేదు. క్లిప్పు తీసేసి వదులుగా ముడి వేసుకుని బయలుదేరింది. తొమ్మిదికి తల దడదడ కొట్టుకోవడం, ట్యూబ్‌లైట్ వెలుతురు భరించలేకపోవడం, వికారం. పదిన్నరకి మాత్ర వేసుకుంది. సాయంత్రం దాకా తగ్గలేదు, మాత్ర పనిచేయలేదని తీర్మానించుకుంది. రెండో రోజు తల దువ్వుకుంటే ఇంకా పచ్చిగానే ఉంది.

ఆవిడ చేత అలోడీనియా ప్రశ్నావళి నింపిస్తే కథ స్పష్టమవుతుంది. తలనొప్పి నిపుణులు వాడే ఆ ప్రశ్నావళిలో 12 ప్రశ్నలు ఉంటాయి. నొప్పి బాగా ఉన్నప్పుడు తల దువ్వుకోవడం, జుట్టు వెనక్కి లాగి కట్టుకోవడం, గడ్డం గీసుకోవడం, కళ్లజోడు, కాంటాక్ట్ లెన్సులు, చెవిపోగులు, మెడలో గొలుసు, బిగుతు బట్టలు, ఒంటి మీద పడే షవర్ నీళ్లు, దిండు మీద తల ఆనించడం, వేడి తగలడం, చల్లన తగలడం. ఒక్కోదానికీ సగం సార్లు, అంతకంటే ఎక్కువ నొస్తే 2 మార్కులు, సగం కంటే తక్కువ సార్లయితే 1, అరుదుగానో అసలు కాకపోతేనో వర్తించకపోతేనో 0. మొత్తం 2 దాకా అయితే అలోడీనియా లేనట్టు, 3 నుంచి 5 స్వల్పం, 6 నుంచి 8 మధ్యస్థం, 9, అంతకు మించితే తీవ్రం. మొదటి ప్రశ్నే దువ్వెన గురించి కావడం యాదృచ్ఛికం కాదు. ఈ టీచర్‌కి దువ్వడానికి 2, జడకి 2, దిండుకి 2, కళ్లజోడుకి 1, షవర్‌కి 1, మొత్తం 8.

ఆవిడ మార్చుకోవలసింది మాత్ర వేళ. మెడ పట్టినట్టున్నా, కంటి మీద నొప్పి మొదలైనా, ఆరున్నరకే కొద్దిగా ఏదైనా తిని వేసుకోవాలి. కడుపులో పుండు, కిడ్నీ సమస్య, గర్భం లాంటివి లేని పెద్దవారికి సాధారణంగా ఐబుప్రొఫెన్ 400 మిల్లీగ్రాములో, నాప్రొక్సెన్ 500 మిల్లీగ్రాములో సరిపోవచ్చు. అవి చాలకపోతే డాక్టరు సుమట్రిప్టాన్ 50 మిల్లీగ్రాములు రాస్తారు. గుండెజబ్బు, పక్షవాతం వచ్చినవారికి, బీపీ అదుపులో లేనివారికి ట్రిప్టాన్ ఇవ్వరు. ముందుగా వేసుకోమన్నంత మాత్రాన రోజూ వేసుకోమని కాదు. మామూలు నొప్పి మాత్రలు నెలలో 15 రోజులు, ట్రిప్టాన్‌లు లేదా రెండు మూడు మందులు కలిపిన మాత్రలు 10 రోజులు, అలా మూడు నెలలు దాటిస్తే ఆ మాత్రలే కొత్త తలనొప్పి తెచ్చిపెడతాయి. అప్పుడు మాడు సున్నితం కూడా దాదాపు రోజూ ఉంటుంది. క్యాలెండరులో మాత్ర వేసుకున్న రోజు చుట్టూ సున్నా చుట్టడం కంటే తేలికైన జాగ్రత్త లేదు. నెలకి నాలుగైదు రోజులకు మించి నొప్పి వస్తుంటే, నొప్పి రాకుండా రోజూ వేసుకునే నివారణ మందు గురించి డాక్టర్ని అడగవలసిన వేళ అయినట్టే.

మన దగ్గర దీనికి ఇంకో చిక్కుముడి ఉంది, తలస్నానం. 'తలంటుకున్న రోజున తలనొప్పి ఖాయం' అనే మాట ప్రతి ఇంట్లో వినేదే. ముంబైకి చెందిన వైద్యుడు కె. రవిశంకర్ తలస్నానంతో మైగ్రేన్ రేగే 94 మంది భారతీయ రోగుల గురించి 2006లో ప్రచురించారు. అంటే ఇది ఉత్త నమ్మకం కాదు. అయితే ఏది ముందు, ఏది వెనక అన్నది గమనించాలి. తలకి పోసుకుని, జుట్టు తడిగా బరువుగా ఉన్న కాసేపటికి నొప్పి మొదలై, ఆ తర్వాత మాడు సున్నితమైతే తలస్నానం నొప్పిని రేపింది. పోసుకునేటప్పుడే నీళ్ల తాకిడి భరించలేకపోతే మైగ్రేన్ అప్పటికే నడుస్తోంది, నీళ్లది నేరం కాదు. మొదటి రకం వారు పగటిపూట పోసుకుని, జుట్టు ఆరాక దువ్వుకుంటే కొంత మేలు.

ఇక ఒత్తిడి తలనొప్పి. ఇందులో నొప్పి తలకి గుడ్డ గట్టిగా చుట్టినట్టు రెండు వైపులా ఉంటుంది, కొట్టుకోదు, వికారం ఉండదు, మెట్లెక్కినా పెరగదు. కణతల, దవడల, మెడ వెనక కండలు నొక్కితే నొస్తాయి. నెత్తి మీద చర్మం కింద గేలియా అనే గట్టి పొర ఉంది. నుదుటి కండా, తల వెనక కండా రెండూ దానికే అతుక్కుంటాయి, కాబట్టి ఒకవైపు బిగిస్తే నెత్తంతా లాగినట్టుంటుంది. దువ్వెన పళ్లు గట్టిగా నొక్కుకుంటే ఆ కండలు, ఆ పొర నొస్తాయి. మెల్లగా నిమిరితే మాత్రం పెద్దగా తెలియదు. ఇక్కడ 'ఒత్తిడి' అనగానే మనసులోని ఒత్తిడి అనుకుని, 'నాకు టెన్షన్ ఏమీ లేదే' అనేస్తారు. రాత్రి పళ్లు కొరకడం, ఫోను ఒడిలో పెట్టుకుని రెండు గంటలు తల వంచడం కూడా ఆ కండలకి ఒత్తిడే. నోరు మూసినా పళ్లు ఒకదానికొకటి తగలకుండా ఉండాలి. దవడకి విశ్రాంతి అంటే అదే. గోరువెచ్చని గుడ్డ మెడ వెనక 15 నిమిషాలు పెట్టుకోవడం, ఫోను కంటి ఎత్తుకి తేవడం ఇక్కడ మేలు చేస్తాయి. నెలలో 15 రోజులకు మించి ఉంటే రాత్రిపూట తక్కువ మోతాదులో, 10 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, అమిట్రిప్టిలిన్ ఇస్తారు. దాన్ని దిగులు మందు అని పేరు చూసి ఆపేయకండి. ఈ మోతాదులో అది నొప్పి దారిని నెమ్మదింపజేయడానికే.

జడ లాగుడుతో వచ్చే నొప్పిని ఈ గుంపులో కలపడం మామూలే కానీ, నిజానికి అది వేరు. ఎత్తుగా బిగించిన పోనీటెయిల్, గట్టి ముడి, రాత్రంతా వేసి ఉంచిన బిగుతు జడ కుదుళ్లను గంటల తరబడి ఒకే వైపు లాగుతాయి. అంతర్జాతీయ తలనొప్పి వర్గీకరణలో దీనికి విడిగా చోటుంది. లాగుడు తీసేశాక గంటలోపు తలనొప్పి పోవాలన్నది అక్కడి కొలత. హెల్మెట్ బిగుతుతో వచ్చే నొప్పికీ అదే కొలత. జడ విప్పి గంట దాటినా ముందరి నెత్తి నొస్తూనే ఉంటే, జడ మీద నేరం మోపి ఊరుకోకండి. మైగ్రేన్ ఉన్నవారిలో ఈ లాగుడు త్వరగా నొప్పిగా మారుతుంది. ఒకే జడకి ఒకరికి ఏమీ కాక, ఇంకొకరికి ఎందుకు నొస్తుందంటే జవాబు చాలాసార్లు అదే.

మూడోది నరం రాపిడి, ఆక్సిపిటల్ న్యూరాల్జియా. దీని లక్షణం విడిగా కనిపిస్తుంది. తల వెనక ఒకవైపు మెడ మొదలు నుంచి నెత్తి వైపుకి కరెంటు షాకులా జివ్వుమని నొప్పి పాకుతుంది. క్షణాల నుంచి నిమిషాల దాకా ఉండి పోతుంది, మళ్లీ వస్తుంది. మధ్యలో ఆ భాగం తిమ్మిరిగానో, మండినట్టో, దువ్వితే పచ్చిగానో ఉంటుంది. వేలితో తట్టి చూడమన్న చోటు ఇక్కడిదే. తల వెనక నడిమధ్య చేతికి తగిలే ఎముక బొడిపె నుంచి చెవి వెనక ఎముక దాకా గీత అనుకుని, దాన్ని మూడు భాగాలు చేయండి. బొడిపె వైపు నుంచి మొదటి భాగం ముగిసే చోట, దాదాపు రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో, పెద్ద ఆక్సిపిటల్ నరం కండల్లోంచి చర్మం కిందికి వస్తుంది. అక్కడ తడితే అదే జివ్వుమనే నొప్పి నెత్తి దాకా పాకితే అనుమానం బలపడుతుంది. అక్కడ నొక్కితే మామూలుగా నొప్పి ఉండటం మాత్రం రుజువు కాదు. మైగ్రేన్ ఉన్నవారికీ ఆ చోటు నొస్తుంది.

ఇదే చిక్కు చికిత్సలోనూ ఉంది. ఆ చోట మత్తుమందు కొద్దిగా ఇంజెక్షన్ చేస్తే నొప్పి కాసేపైనా తగ్గడం ఈ జబ్బు నిర్ధారణలో ఒక షరతు. కానీ అదే ఇంజెక్షన్‌తో మైగ్రేన్ కూడా తగ్గవచ్చు, రెండింటి కబుర్లూ మెడలో ఒకే కేంద్రానికి చేరతాయి కాబట్టి. కనుక 'సూది వేస్తే తగ్గింది, నరం జబ్బే' అనడానికి లేదు. జివ్వుమనే ఆ షాకు తీరు ఉండి తీరాలి. నరం జబ్బే అయితే గాబాపెంటిన్, అమిట్రిప్టిలిన్ లాంటి మందులు, మెడ వ్యాయామాలు మొదట ప్రయత్నిస్తారు. ఎత్తైన దిండు, సెలూన్‌లో వాష్ బేసిన్ అంచున మెడ వెనక్కి వాల్చడం, అక్కడే మెడ 'పట్టుమనిపించే' మసాజు, ఇవి మానేయాలి. ఆ వైపు తిమ్మిరి శాశ్వతంగా ఉంటే, చేతిలోకి బలహీనత దిగితే, ఇంజెక్షన్‌కి ముందే ఎంఆర్ఐ అవసరం.

జ్వరం, డెంగ్యూ, కాన్పు తర్వాత రెండు మూడు నెలలకి జుట్టు కుప్పలుగా రాలుతూ మాడు నొస్తుంటే అది వేరే దారి. రాలడం తగ్గుతుంటే నొప్పీ తగ్గుతుంది.

మాడు పచ్చిగా ఉన్న రోజుల్లో ఎలా దువ్వాలన్నది చిన్న సంగతే కానీ ఉపయోగపడుతుంది. ఎడం పళ్ల దువ్వెన తీసుకోండి. పాయను కుదురు దగ్గర పిడికిట్లో పట్టుకుని, కొసల నుంచి మొదలుపెట్టి కొద్దికొద్దిగా పైకి రండి. అలా పట్టుకుంటే లాగుడు మీ పిడికిటి దగ్గరే ఆగుతుంది, కుదురుకి చేరదు. పాపిడి ఆ రోజుకి మార్చకండి. ఒక దిశకి అలవాటైన వెంట్రుకను ఎదురు తిప్పినప్పుడే ఆ నరాల కొసలు ఎక్కువగా కదులుతాయి. బలంగా నూనె మర్దనా అందరికీ పనికిరాదు. ఒత్తిడి తలనొప్పికి అది హాయినిస్తుంది, మైగ్రేన్ అలోడీనియాని మాత్రం ఇంకా రేపుతుంది. 'తల పట్టించుకుంటే మాకు తగ్గుతుంది' అనేవారూ, 'చెయ్యి వేయనివ్వను' అనేవారూ నిజమే చెబుతున్నారు, వాళ్లవి వేరువేరు నొప్పులు.

రెండు సందర్భాల్లో మాత్రం ఇంటి పరీక్షలు పక్కన పెట్టాలి. ఒకటి సర్పి. నొప్పి, మంట ముందు వచ్చి, పొక్కులు ఒకటి నుంచి ఐదు రోజుల తర్వాత తేలడం దాని పద్ధతి. అందుకే మొదట్లో 'చర్మం మీద ఏమీ లేదు' అన్నది దానికీ వర్తిస్తుంది. ఒకే వైపు నుదురు, నెత్తి మండుతుంటే రోజూ పాయలు తీసి చూడండి. పొక్కు కనిపించిన 72 గంటల్లోపు వైరస్ మందు మొదలుపెడితేనే పూర్తి ప్రయోజనం. పొక్కులు ముక్కు కొసకి దిగితే కంటి డాక్టరు దగ్గరికి అదే రోజు వెళ్లాలి.

రెండోది యాభై దాటినవారిలో కొత్తగా మొదలైన మాడు నొప్పి. జెయింట్ సెల్ ఆర్టరైటిస్ అనే రక్తనాళాల వాపులో కణత దగ్గరి ధమని ఉబ్బి, దువ్వినా దిండుకి ఆనించినా నొస్తుంది. మన దేశంలో ఇది యూరప్ దేశాలంత ఎక్కువ కాదు, కానీ లేకపోలేదు. ఇంట్లో పెద్దవారు ఈ మాట అంటే రెండు ప్రశ్నలు అడగండి. చపాతీ లాంటిది నములుతుంటే దవడ నొప్పి పుట్టి, నమలడం ఆపితే తగ్గుతోందా? ఎప్పుడైనా ఒక కంటికి కాసేపు తెర పడ్డట్టు చూపు మసకబారిందా? ఏ ఒక్కదానికి అవునన్నా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి ఈఎస్ఆర్, సీఆర్‌పీ అనే రక్తపరీక్షలు చేయించాలి. గట్టి అనుమానం ఉంటే కణత ధమని ముక్క పరీక్ష ఫలితం రాకముందే స్టెరాయిడ్ మొదలుపెడతారు. మందు మొదలైన వారం రెండు వారాల్లో ముక్క తీసినా జబ్బు ఆనవాళ్లు కనిపిస్తాయి. పోయిన చూపు మాత్రం సాధారణంగా తిరిగి రాదు.